40 ఎంఎం ఐపీస్ పెట్టినా ఆకాశం ఎక్కువ కనిపించడం లేదు: ఫీల్డ్ స్టాప్, విగ్నెటింగ్ లెక్కలు

రేచుక్క:
నా దగ్గర 8 అంగుళాల డాబ్ ఉంది. అద్దం 203 మి.మీ., ఫోకల్ లెంగ్త్ 1200. 32 ఎంఎం ప్లోసెల్‌తో కృత్తికలు బాగానే పడుతున్నాయి గానీ చుట్టూ ఇంకాస్త ఆకాశం కావాలనిపించి 40 ఎంఎం ప్లోసెల్ తెచ్చాను. రెండూ అంగుళంపావు బ్యారెల్‌వే. మాగ్నిఫికేషన్ 37 నుంచి 30కి దిగింది కాబట్టి కనిపించే ఆకాశం కూడా పావు వంతు పెరగాలి కదా. పెరగలేదు. 32లో అంచున ఏ చుక్కలు ఉన్నాయో 40లోనూ అవే ఉన్నాయి. పైగా కనిపించే వలయం చిన్నదైపోయింది. ఐపీస్‌లో లోపమా? రెండంగుళాల ఐపీస్ కొంటే తేడా వస్తుందా? నా సెకండరీ అద్దం 50 మి.మీ.దే, దానికి రెండంగుళాలు పెడితే విగ్నెటింగ్ వస్తుందని ఒకరన్నారు.

పాలపుంత:
లెక్క సులభమే. ఐపీస్ మీద రాసిన డిగ్రీలను మాగ్నిఫికేషన్‌తో భాగించాలి. ప్లోసెల్‌కి 50 డిగ్రీలు. 40 ఎంఎంతో 30 రెట్లు, అంటే 50/30, 1.67 డిగ్రీలు. 32తో 1.33. కచ్చితంగా తేడా కనిపించాలి. కనిపించలేదంటే మీరు కన్ను సరైన దూరంలో పెట్టడం లేదు. 40 ఎంఎంకి కన్ను బాగా వెనక్కి పెట్టాలి. అప్పటికీ రాకపోతే ఐపీస్ మార్పించుకోండి.

కటకం:
కన్ను వెనక్కి పెట్టాలన్నది నిజమే గానీ దానివల్ల ఫీల్డ్ పెరగదు. ఐపీస్‌లో లోపమూ లేదు. రేచుక్క గారు చూసింది సరిగ్గా జరగాల్సిందే.

ఐపీస్‌ని తిరగేసి బ్యారెల్ లోపలికి చూడండి. ప్లోసెల్‌లో గాజుకి కాస్త ముందు ఒక నల్లటి రింగ్ ఉంటుంది. అదే ఫీల్డ్ స్టాప్. టెలిస్కోప్ ఏర్పరిచే బింబం ఆ రింగ్ ఉన్న చోటే నిలుస్తుంది. రింగ్ లోపల ఎంత బింబం పడితే అంతే ఆకాశం మీకు దక్కుతుంది, మిగతాది రింగ్ అవతల ఆగిపోతుంది. ఐపీస్ ఎన్ని ఎంఎం అన్నది ఆ దక్కిన ముక్కని ఎంత పెద్దదిగా చూపించాలో నిర్ణయిస్తుంది, అంతే.

```
ఫీల్డ్ (డిగ్రీలు) = ఫీల్డ్ స్టాప్ వ్యాసం ÷ టెలిస్కోప్ ఫోకల్ లెంగ్త్ × 57.3
```

ఈ లెక్కలో ఐపీస్ ఫోకల్ లెంగ్త్ ఎక్కడా లేదు, గమనించండి.

అంగుళంపావు బ్యారెల్ బయటి వ్యాసం 31.7 మి.మీ. అందులో గోడ మందం పోవాలి, ఫిల్టర్ మరకి చోటు పోవాలి. చివరికి రింగ్‌కి మిగిలేది సుమారు 27 మి.మీ. మంచి 32 ఎంఎం ప్లోసెల్ ఆ 27నీ అప్పటికే వాడేసుకుంటుంది. 40 ఎంఎంకి ఇంతకంటే పెద్ద రింగ్ పెట్టాలంటే బ్యారెల్‌లో జాగా లేదు. కాబట్టి దాంట్లోనూ 27 మి.మీ.లే. మీ డాబ్‌లో రెండింటికీ 27/1200 × 57.3, అంటే 1.29 డిగ్రీలు. అదే ముక్కని 40 ఎంఎం తక్కువ పెద్దది చేసి చూపిస్తుంది కాబట్టి వలయం చిన్నదైనట్టు ఉంటుంది.

పాలపుంత గారి సూత్రం దగ్గరి లెక్కకి పనికొస్తుంది, దాంట్లో వేసే డిగ్రీలు నిజమైనవైతే. 40 ఎంఎం అంగుళంపావు ప్లోసెల్‌కి 50 డిగ్రీలు రావడం అసాధ్యం. నిజాయితీగా చెప్పే తయారీదారులు 43 అని రాస్తారు. ఆ 43ని 30తో భాగించినా 1.43 వస్తుంది, నిజం కంటే పదో వంతు ఎక్కువ. ఎందుకంటే ఐపీస్‌లు అంచుల దగ్గర బింబాన్ని కొంచెం సాగదీస్తాయి. ఆ సాగుదలని ఈ భాగహారం లెక్కలోకి తీసుకోదు.

రేచుక్క:
కటకం గారూ, వెర్నియర్ క్యాలిపర్ లోపలి దవడలతో కొలిచాను, గాజుకి తగలకుండా. 32కీ 40కీ 27కి అటూ ఇటూ. టెలిస్కోప్‌తో పాటు వచ్చిన 25 ఎంఎం ప్లోసెల్‌లో 21 పైచిలుకు.

తెలిసినవాళ్ల 24 ఎంఎం, 68 డిగ్రీల ఐపీస్ చూశాను. అదీ అంగుళంపావే. దాని రింగ్ ఎక్కడుందో సరిగ్గా అర్థం కాలేదు. కొన్ని వైడ్ ఐపీస్‌లలో అయితే కింద నేరుగా గాజే కనిపిస్తోంది, రింగ్ లేదు. వాటినెలా కొలవాలి?

మృగశిర:
ఆ 24 ఎంఎం రకం ఐపీస్‌లలో రింగ్ కింద ఉంటే క్యాలిపర్‌తోనే కొలవచ్చు. తక్కువ ఫోకల్ లెంగ్త్ ఉండి 82, 100 డిగ్రీలు చూపించే వాటిలో చాలా వరకు కింద ఒక నెగటివ్ లెన్స్ గుంపు ఉంటుంది. రింగ్ దాని పైన, లోపల ఉంటుంది. విప్పి కొలిచినా ఆ అంకె వాడలేం, కింది గాజు అప్పటికే బింబం సైజు మార్చేసి ఉంటుంది కాబట్టి. వాటికి ఆకాశమే కొలబద్ద.

ఖగోళ మధ్యరేఖ మీదున్న చుక్కని ఎంచుకోండి. ఇప్పుడు ఓరియన్ నడుంపట్టీలో ముందుగా ఉదయించే మింటకా సరిపోతుంది, మధ్యరేఖకి డిగ్రీలో మూడో వంతు దూరం కూడా లేదు. టెలిస్కోప్‌ని కదలకుండా వదిలేసి చుక్క ఒక అంచు నుంచి రెండో అంచుకి దాటడానికి పట్టే సెకన్లు లెక్కపెట్టండి.

```
ఫీల్డ్ (ఆర్క్ నిమిషాలు) = సెకన్లు × 0.2507 × cos(డిక్లినేషన్)
```

మింటకాకి కొసైన్ 1 అనుకోవచ్చు. 1.29 డిగ్రీలైతే 5 నిమిషాల 9 సెకన్ల దగ్గర రావాలి.

దీంట్లో తప్పు వచ్చేది ఒకే చోట. చుక్క వలయం నడిమధ్య నుంచి పోవాలి. పక్కగా పోతే దాటే దారి పొట్టిదవుతుంది, ఫీల్డ్ తక్కువ చూపిస్తుంది. మధ్యబిందువుకి వ్యాసార్థంలో పదో వంతు దూరంగా పోతే తప్పు అర శాతమే, పట్టించుకోనక్కర్లేదు. ఐదో వంతు దూరంగా పోతే 2 శాతం. డాబ్‌లో చుక్క ఏటవాలుగా జారుతుంది కాబట్టి ముందు చుక్కని మధ్యలో పెట్టి అది ఏ వైపు అంచుకి పోతోందో చూసుకోండి. తర్వాత ట్యూబ్‌ని సరిగ్గా ఆ గీత మీదుగా ముందుకి జరిపి, చుక్క ఎదుటి అంచు బయట ఉండేలా పెట్టి వదలండి. కొన్నిసార్లు చేసి, అన్నిటికంటే ఎక్కువ వచ్చిన సమయం తీసుకోండి. సగటు తీయొద్దు. పక్కకి జరిగితే సమయం తగ్గుతుందే తప్ప పెరగదు.

నెలవంక:
నాదీ ఇదే సమస్య అనుకుంటా. ఐపీస్ దగ్గర ఫోన్ పెట్టి చందమామని తీస్తే చుట్టూ నల్లగా వస్తోంది, ఒక్కోసారి ఒక పక్కే చీకటి. కంటితో చూస్తే బాగానే ఉంది. ఫీల్డ్ స్టాప్ చిన్నదవడం వల్లేనా? రెండంగుళాలకి మారితే పోతుందా?

కటకం:
అది వేరే విషయం, నెలవంక గారూ. కంటితో చూస్తే బాగుందన్నారు కదా, అంటే టెలిస్కోప్, ఐపీస్ రెండూ వెలుగుని సరిగ్గానే పంపుతున్నాయి. ఐపీస్ పైన కొంత ఎత్తులో వెలుగంతా ఒక చిన్న బొట్టులా కలుస్తుంది. ఫోన్ లెన్స్ సరిగ్గా ఆ బొట్టు మీద ఉండాలి. ఎత్తు తేడా అయితే చుట్టూ నలుపు, పక్కకి జరిగితే ఒక పక్క నలుపు. హోల్డర్‌తో బిగించి ముందు పక్కలకి సర్దండి, ఆ తర్వాత ఎత్తు. ఇంకా మిగిలే గుండ్రటి నలుపు గీత పదునుగా ఉంటే మాత్రం అది ఫీల్డ్ స్టాపే. ఫోన్ కెమెరా ఐపీస్ కంటే వెడల్పుగా చూస్తోందని అర్థం. కెమెరాలో కొంచెం జూమ్ చేస్తే చాలు. రెండంగుళాలకి మారాల్సిన పని లేదు.

రేచుక్క:
డ్రిఫ్ట్ చేశాను. 32తో 5 నిమిషాల 8 సెకన్లు, 40తో 5:09, ఆ 24 ఎంఎం అరువు తెచ్చి చూస్తే 5:07. మూడూ ఒకటే! 25 ఎంఎం ప్లోసెల్‌తో 4:02. దాంట్లో కృత్తికల రెండు చివర్లున్న అట్లాస్, ఎలెక్ట్రా ఇంచుమించు రెండు అంచులకీ ఆనుకుని ఉన్నాయి.

అంటే అంగుళంపావులో 1.29 దాటే దారి లేదన్నమాట. అలాంటప్పుడు 24 ఎంఎం కొనడం దండగా? రెండంగుళాలకి పోతే నా సెకండరీ సరిపోతుందా?

కటకం:
25 ఎంఎంతో వచ్చిన 4:02 అంటే 60.7 ఆర్క్ నిమిషాలు. అట్లాస్ నుంచి ఎలెక్ట్రాకి 59. మీ కొలత బాగా కుదిరింది.

24 ఎంఎం దండగ కాదు. 32తో చూసినంత ఆకాశాన్నే అది 50 రెట్లు పెద్దది చేసి చూపిస్తుంది. ఐపీస్ పైన వెలుగు కలిసే బొట్టు వ్యాసం, అంటే ఎగ్జిట్ ప్యూపిల్, 5.4 మి.మీ. నుంచి 4.1కి తగ్గుతుంది కాబట్టి ఆకాశపు బూడిదరంగు వెలుగు ఇంచుమించు సగానికి పడిపోతుంది. చుక్కల వెలుగు మాత్రం తగ్గదు. ఊళ్లో వీధిదీపాల మధ్య చూసేవాళ్లకి ఇది పెద్ద లాభం. 40 ఎంఎం అంగుళంపావు ఐపీస్ మాత్రం మీ డాబ్‌కి ఎందుకూ కొరగాదు. అదే ఆకాశం, వెలిసిపోయిన నేపథ్యం, చిన్న వలయం.

ఇక రెండంగుళాలు. ఆ బ్యారెల్‌లో రింగ్ 46 మి.మీ. దాకా పోవచ్చు. 46/1200 × 57.3, 2.2 డిగ్రీలు. ఫీల్డ్‌కి అది రేఖ గీసి చెప్పే హద్దు. విగ్నెటింగ్ అలాంటి హద్దు కాదు, ఆ గీత లోపల వెలుగు క్రమంగా పలచబడటం. ఈ రెండూ కలిపేసుకుని చాలామంది భయపడతారు. సెకండరీ చిన్నదైతే ఫీల్డ్ తగ్గదు, అంచు చుక్కలకి అద్దం మొత్తం వెలుగు అందదు.

మీ డాబ్‌కి లెక్క వేద్దాం. సెకండరీ మధ్య నుంచి ఫోకస్ దాకా 240 మి.మీ. అనుకుంటున్నాను, మీరు కొలిచి సరిచూసుకోండి. 50 మి.మీ. సెకండరీతో పూర్తి వెలుగు పడేది నడిమధ్య 12 మి.మీ. వలయానికే. అక్కడి నుంచి బయటికి పోయేకొద్దీ కోత మొదలవుతుంది. 27 మి.మీ. రింగ్ అంచున 85 శాతం వెలుగు ఉంటుంది. 46 మి.మీ. రింగ్ అంచున సుమారు 61 శాతం. అంటే అంచున చుక్క అర మాగ్నిట్యూడ్ మసకబారుతుంది, మాయమవదు. మధ్య నుంచి అంచుకి నెమ్మదిగా తగ్గే ఈ తేడాని కన్ను చాలా వరకు పట్టుకోలేదు.

నా మాట మీద పోకుండా మీరే చూడొచ్చు. ముందు ఫోకస్ ఎక్కడ పడుతుందో కావాలి. చందమామ వైపు తిప్పి, ఐపీస్ తీసేసి, ఫోకసర్ నోటి దగ్గర ట్రేసింగ్ పేపర్ అటూ ఇటూ జరిపితే బింబం ఒక చోట పదునుగా వస్తుంది. నల్ల అట్టని రెండంగుళాల ట్యూబ్‌లో పట్టేలా గుండ్రంగా కత్తిరించి, మధ్యలో ఒకటి, మధ్య నుంచి 13.5 మి.మీ. దూరంలో ఒకటి, 23 మి.మీ. దూరంలో ఒకటి 2 మి.మీ. రంధ్రాలు చేయండి. పగలు, సూర్యుడికి పూర్తి ఎదుటి దిక్కున ఖాళీ ఆకాశం వైపు ట్యూబ్ తిప్పి, అట్ట సరిగ్గా ఫోకస్ చోట ఉండేలా పెట్టి, ఒక్కో రంధ్రం నుంచి చూడండి. మధ్య రంధ్రంలో ప్రైమరీ అద్దం పూర్తి గుండ్రంగా, చుట్టూ కొంచెం జాగాతో కనిపిస్తుంది. 23 దగ్గరి రంధ్రంలో సెకండరీ అంచు ప్రైమరీని ఒక పక్క కోసేసి ఉంటుంది. ఎంత మిగిలి కనిపిస్తే అంత వెలుగు ఆ అంచుకి అందుతోందన్నమాట. అట్టని తిప్పి నాలుగు దిక్కులా చూడండి. ఒక పక్క కోత బాగా ఎక్కువుంటే సెకండరీ సైజు కాదు, దాన్ని బిగించిన చోటు సరిచూసుకోవాలి.

పాలపుంత:
డిగ్రీల విషయం అర్థమైంది, 43 అన్నది చూసుకోలేదు. కానీ 39 శాతం వెలుగు పోతోందంటే అంత డబ్బు పోసి రెండంగుళాలది ఎందుకు? 63 మి.మీ. సెకండరీ వేయించుకుంటే సరిపోదా?

కటకం:
వేయించుకోవచ్చు, కానీ మధ్యలో అడ్డు 25 శాతం నుంచి 31 శాతానికి పెరుగుతుంది. గురుడు, శని మీద సన్నటి వివరాలు కొంచెం పలచబడతాయి. అంచున అర మాగ్నిట్యూడ్ కోసం మొత్తం ఫీల్డ్‌లో కాంట్రాస్ట్ వదులుకోవడం నాకు నచ్చదు. దానికంటే పొట్టి ఫోకసర్ వేసి ప్రైమరీని కాస్త వెనక్కి జరిపితే మేలు. 240ని 220 చేయగలిగితే అదే 50 మి.మీ. సెకండరీతో పూర్తి వెలుగు వలయం 12 నుంచి దాదాపు 16 మి.మీ.కి పెరుగుతుంది. ఫోటోలు తీసేవాళ్ల సంగతి వేరు, సెన్సర్ ఈ తగ్గుదలని కన్నులా వదిలేయదు.

మృగశిర:
కన్ను పట్టుకోలేదన్న మాట దగ్గర నేను ఆగుతాను. నేను చరకాంతి తారల మాగ్నిట్యూడ్‌లు అంచనా వేసి ఆ తారల పరిశీలకుల సంఘం ఏఏవీఎస్‌వోకి పంపుతుంటాను. అక్కడ ఈ అర మాగ్నిట్యూడ్ కొంప ముంచుతుంది. చరతార మధ్యలో, పోల్చే తార అంచున ఉంటే, పోల్చే తార నిజం కంటే మసకగా అనిపిస్తుంది, చరతార ప్రకాశం ఎక్కువని రాసేస్తాం. పైగా ప్రతి రాత్రీ అదే అమరికలో చూస్తే తప్పు కూడా ప్రతి రాత్రీ ఒకే వైపు ఉంటుంది కాబట్టి కర్వ్‌లో ఎవరూ గుర్తించలేరు. రెండు తారలనీ మధ్యబిందువుకి సమాన దూరంలో పెట్టాలి. రెండూ ఒకేసారి అలా పట్టకపోతే ఒకదాని తర్వాత ఒకటి మధ్యలోకి తెచ్చి పోల్చాలి. చూడముచ్చటకి సరే గానీ, కొలతకి విగ్నెటింగ్ ఉందని తెలిసే చూడాలి.

కటకం:
ఒప్పుకుంటాను. నేను చెప్పింది కృత్తికలు, పాలపుంత మేఘాలు చూసేవాళ్లకి.

రాతిగుట్ట:
మాది 127 ఎంఎం మాక్, ఫోకల్ లెంగ్త్ 1500. అంగుళంపావులో ఒక డిగ్రీ దాటడం లేదు. వెనకాల రెండంగుళాల డయాగనల్ బిగించుకునే అడాప్టర్లు దొరుకుతున్నాయి. 46 మి.మీ. లెక్కన 1.76 డిగ్రీలు రావాలి కదా? డాబ్‌లా అంచున కొంచెం మసక అయితే పర్లేదు.

కటకం:
మాక్‌లో కోత పెట్టేది సెకండరీ కాదు, వెనక రంధ్రం గుండా వచ్చే సన్నటి బ్యాఫిల్ గొట్టం. డయాగనల్ తీసేసి వెనక నుంచి చూస్తే కనిపిస్తుంది, దాని లోపలి వ్యాసం కొలవండి. అది 46 కంటే బాగా సన్నగా ఉంటే డాబ్ లెక్క ఇక్కడ కుదరదు. ఎఫ్/12 వెలుగు కట్ట ఆ చోట చాలా సన్నగా ఉంటుంది. అందుకే ఒక పరిధి వరకు దాదాపు పూర్తి వెలుగు ఉండి, ఆ తర్వాత కొద్ది దూరంలోనే బాగా పడిపోతుంది. అంచు వలయం పదునుగా కనిపించవచ్చు, చుక్కలు మాత్రం అక్కడిదాకా రాకముందే ఆరిపోతాయి.

గుర్తుపట్టడం తేలిక. మధ్యస్థంగా వెలిగే చుక్కని మధ్య నుంచి అంచుకి నెమ్మదిగా జరపండి. గీత దగ్గర టక్కున పోతే ఫీల్డ్ స్టాప్. ముందే క్షీణిస్తూ పోతే విగ్నెటింగ్. ఇంకొకటి. పొడవైన రెండంగుళాల డయాగనల్ పెడితే ఫోకస్ కోసం లోపలి అద్దాన్ని ముందుకి జరపాలి, దాంతో ఫోకల్ లెంగ్త్ 1500 దాటిపోతుంది. 1.76 అన్నది కాగితం మీద కూడా మిగలదు. మీరు మింటకా డ్రిఫ్టే నమ్మండి, డయాగనల్‌తో సహా మొత్తం అమరికని అది కొలుస్తుంది.

రాతిగుట్ట:
గొట్టం కొలిచాను, 27 మి.మీ. దగ్గరే ఉంది. అయితే 24 ఎంఎం, 68 డిగ్రీలదే తీసుకుంటాను.

రేచుక్క:
అట్ట పరీక్ష చేశాను. 23 దగ్గర ప్రైమరీలో మూడో వంతు పైగా కోత, నాలుగు వైపులా ఇంచుమించు ఒకటే. 240 కూడా సరిపోయింది. రెండంగుళాలదే కొందామనుకుంటున్నా. 38 ఎంఎం 70 డిగ్రీలదా, 30 చిల్లర 82 డిగ్రీలదా?

పాలపుంత:
38. 2.2 డిగ్రీలు పూర్తిగా దక్కుతాయి, ధర కూడా తక్కువ.

మృగశిర:
మీరుండే చోటు హైదరాబాద్ శివారు అయితే నేను 38 వద్దంటాను. ఎగ్జిట్ ప్యూపిల్ 6.4 మి.మీ., ఆకాశం పాలలా తెల్లగా ఉంటుంది. మీ కంటిపాప అంత విచ్చుకోకపోతే అద్దం వెలుగులో కొంత కంటి బయటే పోతుంది. 31 ఎంఎం 82 డిగ్రీలదానికి రింగ్ 42 మి.మీ., ఫీల్డ్ 2.0 డిగ్రీలు, ప్యూపిల్ 5.2. పదో వంతు ఫీల్డ్ తగ్గినా నేపథ్యం బాగా నల్లబడుతుంది. బరువు మాత్రం చూసుకోండి, డాబ్ ముక్కు కిందికి వాలుతుంది.

పాలపుంత:
చీకటి ప్రదేశానికి తీసుకెళ్లేవాళ్లకి ఆ వాదన వర్తించదు. ఆ ధర తేడాతో మంచి 24 ఎంఎం కూడా వస్తుంది. ఊళ్లో అది, బయట 38.

కటకం:
చవక 38, 70 డిగ్రీలవి ఎఫ్/6లో చివరి మూడో వంతులో చుక్కలని రెక్కల్లా సాగదీస్తాయి. కొంత అద్దం కోమా, ఎక్కువ భాగం ఐపీస్ అస్టిగ్మాటిజం. అరువు దొరికితే ముందు మింటకాని అంచుకి తీసుకెళ్లి చూడండి, రేచుక్క గారూ. ఫోకస్ అటూ ఇటూ తిప్పినప్పుడు గీత దిశ అడ్డం నుంచి నిలువుకి మారితే అది అస్టిగ్మాటిజం. ఆ చుక్క రూపం మీరు భరించగలరో లేదో చూసుకున్నాకే డబ్బు కట్టండి.